తోడేకొద్దీ పొంగే ఇసుక

కృష్ణా, గోదావరి డెల్టాల్లో సెల్లారు కోసమో, మురుగునీటి సంపు కోసమో లోతుగా గొయ్యి తవ్వాలంటే చుట్టూ ముందుగా ఇనుప షీట్ పైల్స్ దిగ్గొడతారు. తర్వాత లోపలి ఇసుక తీస్తూ, ఊరే నీళ్లను పంపులతో బయటకు తోడుతూ కిందికి దిగుతారు. కొంత లోతు వరకు పని సాఫీగా సాగుతుంది. ఒకచోటికి వచ్చాక అడుగు మెత్తబడుతుంది. పొద్దున గట్టిగా నిలబడిన చోటే మధ్యాహ్నానికి కాలు పిక్క దాకా దిగుతుంది. అక్కడక్కడ ఇసుక చిన్న చిన్న బుడిపెలుగా పైకి లేచి, వాటి నడినెత్తి నుంచి నీళ్లు బుగబుగమంటూ వస్తాయి. నీళ్లు ఎక్కువయ్యాయనుకుని ఇంకో పంపు దించుతారు. ఆ పంపుతో సంగతి ఇంకా చెడుతుంది. ఎంత ఇసుక తీసినా అంత ఇసుక కింది నుంచి వస్తూనే ఉంటుంది. గొయ్యి లోతు పెరగదు. బయట రోడ్డు మాత్రం కుంగడం మొదలవుతుంది.

వర నుయ్యి దింపేవాళ్లకు ఇది పాత అనుభవమే. వరల లోపల నీళ్లు గబగబా తోడేస్తే కింది నుంచి ఇసుక పొంగి, వర ఒక్కసారిగా జారి ఒరిగిపోతుంది. నదుల మీద వంతెనలకు పెద్ద పెద్ద బావి పునాదులు దింపే ఇంజినీర్లు దీన్నే శాండ్ బ్లో అంటారు. వాళ్లు బావి లోపలి నీటి మట్టాన్ని బయటి మట్టం కన్నా కిందికి పోనివ్వకుండా జాగ్రత్త పడేది ఇందుకే.

గొయ్యి అడుగు పొంగడానికి మూలం ఎంత నీరు వస్తోందన్నది కాదు. బయటి నీటి మట్టానికీ లోపలి నీటి మట్టానికీ మధ్య తేడా ఎంత, ఆ తేడాను ఓర్చుకోవడానికి అడుగు కింద ఎంత మందం ఇసుక ఉంది అన్నదే అసలు లెక్క. ఆ రెండు పొడవుల నిష్పత్తి తెలిస్తే, గొయ్యి నిలుస్తుందో పొంగుతుందో చాలావరకు ముందే చెప్పవచ్చు.

ఇసుక బలం రేణువుల ఒత్తిడిలో ఉంది

పొడి ఇసుకకు గానీ తడిసి నిండిన ఇసుకకు గానీ జిగురు లేదు. రేణువు మీద రేణువు బరువుతో ఆనుకుని ఉండడం వల్ల, ఆ ఆనుకున్న చోట పుట్టే రాపిడి వల్ల అది మనిషినీ గోడనూ మోస్తుంది. రేణువుల మధ్య ఈ ఒత్తిడి ఎంత ఉంటే ఇసుకకు బలం అంత. ఒత్తిడి సున్నా అయితే బలమూ సున్నా అవుతుంది. అదే ఇసుక, అవే రేణువులు, అయినా అది చిక్కటి ద్రవంలా ప్రవర్తిస్తుంది. ఊబి అంటే ఈ స్థితే. ఊబి అనే పేరుగల ఇసుక రకం వేరే ఏదీ లేదు. నీరు కింది నుంచి తగినంత జోరుతో పైకి వస్తే ఏ ఇసుకైనా ఊబి అవుతుంది, నీటి జోరు తగ్గితే మళ్లీ మామూలు ఇసుకే అవుతుంది.

నీళ్లలో ఉన్న ఇసుక బరువు ముందే కొంత తగ్గి ఉంటుంది. బావిలో నిండిన బొక్కెన నీళ్లలో ఉన్నంతసేపు తేలిగ్గా వచ్చి, నీటి పైకి రాగానే చేతులు లాగేస్తుంది కదా, ఇసుక రేణువులకూ అంతే. నీరు కదలకుండా ఉన్నప్పుడు మిగిలిన ఆ బరువు చాలు, అడుగు గట్టిగానే ఉంటుంది. నీరు రేణువుల సందుల్లోంచి పైకి కదలడం మొదలైతే, ప్రతి రేణువునూ తనతో పాటు కొద్దిగా పైకి ఈడుస్తుంది. ఆ ఈడ్పు మిగిలిన బరువుతో సమానమైన క్షణాన రేణువులు ఒకదాని మీద ఒకటి ఆనడం మానేస్తాయి.

ఆ హద్దు ఎక్కడ ఉంటుంది

ఇసుకలో నీరు కదలాలంటే రెండు చోట్ల మధ్య నీటి మట్టంలో తేడా ఉండాలి. ఆ తేడాను నీరు నడిచిన దూరంతో భాగిస్తే వచ్చేదే హైడ్రాలిక్ గ్రేడియంట్. 4 మీటర్ల ఇసుకలోంచి పైకి వచ్చేటప్పుడు నీరు 2 మీటర్ల మట్టం కోల్పోతే గ్రేడియంట్ 0.5 అన్నమాట. రేణువుల మీద నీటి ఈడ్పు ఈ గ్రేడియంట్‌ను బట్టే ఉంటుంది.

ఒక ఘనమీటరు సన్న ఇసుకను తీసుకుందాం. ఇసుక రేణువు బరువు అంతే పరిమాణం గల నీటికి 2.65 రెట్లు. రేణువుల పరిమాణం 1 అనుకుంటే వాటి మధ్య సందుల పరిమాణం 0.7 ఉందనుకుందాం. మరీ వదులూ కాని, మరీ బిగుతూ కాని ఇసుకకు ఇది సహజమైన అంకె. అప్పుడు సందుల నిండా నీళ్లున్న ఒక ఘనమీటరు ఇసుక బరువు దాదాపు 1.97 టన్నులు. అందులోంచి నీటి ఎత్తుడు 1 టన్ను తీసేస్తే మిగిలేది 0.97 టన్నులు. ఈ 0.97 టన్నులను ఎత్తేయడానికి కావలసిన గ్రేడియంట్ కూడా 0.97. దీన్నే క్రిటికల్ హైడ్రాలిక్ గ్రేడియంట్ అంటారు. సూత్రంగా రాస్తే ఇలా ఉంటుంది:

i = (G − 1) / (1 + e)

ఇక్కడ G అంటే 2.65, e అంటే 0.7. ఇసుక వదులుగా ఉండి e విలువ 0.85 అయితే జవాబు 0.89 వస్తుంది. బాగా బిగిసి 0.5 అయితే 1.1 వస్తుంది. నదీ ఇసుకల్లో ఎక్కడ చూసినా ఈ అంకె ఒకటికి అటూ ఇటూగానే ఉంటుంది. అందుకే ఒక మోటు లెక్క గుర్తుంచుకోవచ్చు. ఒక మీటరు ఇసుక, ఒక మీటరు నీటి తేడాను మాత్రమే ఓర్చుకోగలదు. దాదాపు అక్కడికి చేరిందంటే హద్దు మీద ఉన్నట్టే.

సినిమాల్లో ఊబి మనిషిని నిలువునా మింగేస్తుంది. పై అంకెలను చూస్తే అది అంత సులభం కాదని తెలుస్తుంది. పొంగిన ఇసుక నీటికి దాదాపు రెట్టింపు బరువు. మనిషి శరీరం ఇంచుమించు నీటంత బరువు. కాబట్టి శరీరం సగం దాకా దిగి అక్కడ తేలాలి. గొయ్యిలో అసలు ప్రమాదం వేరే ఉంది. షీట్ పైల్ గోడ పాదం లోపలికి తన్నుకు రాకుండా ఆపుతున్నది గొయ్యి అడుగున ఉన్న ఇసుకే. ఆ ఇసుక బలం పోతే గోడకు కింద ఆసరా ఉండదు. గోడ పాదం లోపలికి జారుతుంది, దాని వెనక ఉన్న నేల, ఆ నేల మీద ఉన్న భవనం లేదా రోడ్డు దాన్ని అనుసరిస్తాయి.

సన్న ఇసుకకే ఈ తంటా ఎందుకు

పై సూత్రంలో రేణువు సైజు ఎక్కడా లేదు. గులకరాళ్లకైనా సన్న ఇసుకకైనా హద్దు ఒకటికి దగ్గరే. అయినా గులకలో తవ్విన గోతులు పొంగిన కబుర్లు తక్కువ, సన్న ఇసుక గోతులవే ఎక్కువ. దీనికి కారణం నీటి పరిమాణంలో ఉంది.

మన ప్రమాణాల ప్రకారం 0.075 మిల్లీమీటర్ల నుంచి 0.425 మిల్లీమీటర్ల వరకు ఉన్న రేణువులది సన్న ఇసుక. దాని సందుల్లోంచి నీరు చాలా నిదానంగా కదులుతుంది. గ్రేడియంట్ ఒకటికి చేరినా, ఒక చదరపు మీటరు అడుగు నుంచి నిమిషానికి ఆరు లీటర్లకు మించి రాకపోవచ్చు. చిన్న పంపు దాన్ని తేలిగ్గా తోడేస్తుంది. అంటే నేల హద్దుకు చేరినా పంపు హెచ్చరించదు. అదే గ్రేడియంట్ శుభ్రమైన గులకలో రావాలంటే దానికి వంద రెట్లు నీరు రావాలి. చదరపు మీటరుకు నిమిషానికి ఆరువందల లీటర్లు! అంత నీరు తోడలేక పంపులు ముందే చేతులెత్తేస్తాయి. లోపల నీటి మట్టం పెరిగి, తేడా తగ్గి, గొయ్యి తనంతట తానే బతికిపోతుంది.

బంకమన్నుకు రేణువుల మధ్య అతుకు ఉంటుంది కాబట్టి అది రేణువు రేణువుగా లేవదు. అడుగున ఉన్న బంక పొర మొత్తం పలకలా ఉబ్బి పగులుతుంది. దాని లెక్క వేరు. అతుకు లేకుండా, నీటిని ఎక్కువగా వదలకుండా, తేలిగ్గా ఈడ్చుకుపోయే రేణువులతో ఉన్నది సన్న ఇసుకే. అందుకే ‘ఊట కొద్దిగానే ఉంది, ఫర్వాలేదు’ అన్న ధీమా ఈ నేలలో పనికిరాదు.

ఒక గొయ్యి లెక్క

డెల్టాలో సన్న ఇసుక లోతుగా ఒకే తీరున ఉన్న ఒక స్థలాన్ని ఊహించుకుందాం. నేల మట్టం నుంచి ఒక మీటరు లోతున నీళ్లున్నాయి. గొయ్యి లోతు 6 మీటర్లు. లోపలి నీటిని అడుగు మట్టం దాకా తోడేస్తారు. అంటే బయటికీ లోపలికీ తేడా 5 మీటర్లు. షీట్ పైల్స్ పొడవు 8 మీటర్లు, అందులో 2 మీటర్లు గొయ్యి అడుగు కిందికి దిగి ఉన్నాయి. ఈ గొయ్యి నిలుస్తుందా?

బయటి నీరు లోపలికి రావాలంటే గోడ వెంట 7 మీటర్లు కిందికి దిగి, పాదం చుట్టూ తిరిగి, లోపల 2 మీటర్లు పైకి ఎక్కాలి. మొత్తం దారి 9 మీటర్లు. 5 మీటర్ల తేడా ఈ 9 మీటర్ల దారిలో సమానంగా ఖర్చవుతుందనుకుంటే గ్రేడియంట్ 0.56. హద్దు 0.97 కాబట్టి 1.7 రెట్లు భద్రంగా ఉన్నట్టు కనిపిస్తుంది. దారి పొడవునా సమాన ఖర్చు అనే ఈ ఊహ కొత్తదేమీ కాదు. ఇసుక మీద కట్టే ఆనకట్టల కోసం బ్లై 1910లో ఇచ్చిన పద్ధతి ఇలాంటిదే.

సమాన ఖర్చు అన్నది నిజం కాదు. బయట నీరు విశాలమైన నేలలోంచి నింపాదిగా దిగుతుంది, కాబట్టి అక్కడ మీటరుకు ఖర్చయ్యే మట్టం తక్కువ. పాదం దగ్గర దారి ఇరుకై, లోపలికి తిరిగాక మిగిలిన కొద్ది మందంలోనే మిగతా తేడా అంతా ఖర్చు కావాలి. పంజాబ్‌లో అప్పర్ చీనాబ్ కాలువ కట్టడాల కింద గొట్టాలు దించి నీటి ఒత్తిడి కొలిచిన ఎ.ఎన్. ఖోస్లాకు బ్లై అంకెలు సరిపోలేదు. ఆయన, ఎన్.కె. బోస్, మెకెంజీ టేలర్ కలిసి 1936లో వెలువరించిన గ్రంథం, నీరు పైకి తేలే చోట గ్రేడియంట్ ఎంతో వేరుగా చూసుకోవాలని గట్టిగా చెప్పింది. ఆనకట్టల కింద సన్న ఇసుకకు వాళ్లు పెట్టిన హద్దు ఆరో వంతు నుంచి ఏడో వంతు. ఎప్పటికీ నీరు నిలిచి ఉండే కట్టడానికి అంత జాగ్రత్త అవసరం.

మన గొయ్యికి నీటి దారుల పటం గీసి చూస్తే, గోడ పాదం దగ్గరికి వచ్చేసరికి నీటిలో ఇంకా దాదాపు 2 మీటర్ల తేడా మిగిలి ఉంటుంది. సమాన ఖర్చు లెక్కలో అక్కడ మిగలాల్సింది 1.1 మీటర్లే. ఇప్పుడు గోడ పక్కన, ఒక చదరపు మీటరు అడ్డకోత గల 2 మీటర్ల ఇసుక స్తంభాన్ని చూడండి. నీళ్లలో దాని బరువు 1.94 టన్నులు. దాన్ని కింది నుంచి ఎత్తే నీటి బలం 2 టన్నులు. తూకం పైకే మొగ్గింది. కాగితం మీద 1.7 రెట్లు భద్రంగా కనిపించిన గొయ్యి నిజానికి హద్దు మీద ఉంది.

పైల్స్‌ను ఇంకో మీటరు దించి, అడుగు కింద 3 మీటర్లు ఉండేలా చేస్తే? పాదం దగ్గర మిగిలే తేడా 2.1 మీటర్లు. ఇసుక స్తంభం బరువు 2.9 టన్నులు. భద్రత 1.4. అడుగు కింద 5 మీటర్లు దించితే మిగిలే తేడా 2.2 మీటర్లు, బరువు 4.85 టన్నులు, భద్రత 2.2. ఇందులో గమనించాల్సిన సంగతి ఒకటుంది. గోడను ఎంత దించినా పాదం దగ్గర మిగిలే తేడా పెద్దగా మారలేదు, 2 మీటర్ల చుట్టూనే తిరిగింది. మారిందల్లా దాన్ని అణిచిపెట్టే ఇసుక మందం. గోడను లోతుగా దించేది నీటి దారిని పొడిగించడానికే అనుకుంటాం. ఎక్కువ మేలు చేసేది ఆ గోడ కాపాడే ఇసుక బరువు.

తాత్కాలికమైన గోతులకు కనీసం ఒకటిన్నర రెట్ల భద్రత ఉండాలనీ, నేల గురించి అనుమానాలుంటే రెండుకు దగ్గరగా ఉండాలనీ ఇంజినీర్లు చూస్తారు. ఆ లెక్కన మన గొయ్యికి 4 మీటర్లు వేస్తే భద్రత 1.8 వస్తుంది. 8 మీటర్ల పైల్స్ తెప్పించిన చోట 10 మీటర్లవి కావలసి వచ్చాయన్నమాట.

ఒక్కో రేణువా, మొత్తం దిమ్మా?

గోడ పక్కన ఇసుక పొంగే తీరును నమూనాలతో పరిశీలించి లెక్క కట్టిన తొలివారిలో కార్ల్ టెర్జాగీ ముఖ్యుడు. ఆనకట్టల కింద నేల పొంగడం గురించి ఆయన 1922లోనే రాశాడు. పొంగే భాగం అడుగంతా వ్యాపించదని, గోడను ఆనుకున్న కొద్ది వెడల్పులోనే ఉంటుందని ఆయన చూశాడు. గోడ అడుగు కింద ఎంత లోతు దిగిందో అందులో సగం వెడల్పున్న దిమ్మ ఒక్కసారిగా పైకి లేస్తుంది. అందుకే ఈనాటికీ లెక్క వేసేది ఆ దిమ్మకే. మన 2 మీటర్ల గోడ పక్కన అది ఒక మీటరు వెడల్పు దిమ్మ.

1953లో మార్స్‌లాండ్ ప్రచురించిన నమూనా ప్రయోగాలు ఇంకో భేదం చూపాయి. వదులుగా ఉన్న ఇసుకలో, గోడ పాదం దగ్గరి నీటి ఒత్తిడి పైనున్న ఇసుక బరువును మించినప్పుడు దిమ్మ మొత్తం లేస్తుంది. బిగుతుగా ఉన్న ఇసుకలో, నీరు పైకి తేలే చోట గ్రేడియంట్ హద్దు దాటినప్పుడు పైపొర నుంచి రేణువులు లేవడం మొదలవుతుంది. మొదటిది హఠాత్తుగా జరుగుతుంది, రెండోది పైనుంచి తినుకుంటూ కిందికి పోతుంది. పనిచోట రెండింటికీ చూసుకోవాలి.

గొయ్యి ఇరుకైతే ప్రమాదం పెరుగుతుంది. రెండు గోడల కింది నుంచి వచ్చే నీరు ఒకే ఇరుకు దారిలో పైకి రావాలి కాబట్టి లోపల ఖర్చయ్యే వాటా ఎక్కువవుతుంది. పైపులైను కందకాలు, నాలుగు వైపులా గోడలున్న చిన్న సంపు గోతులు, వాటిలోనూ మూలలు అందుకే ముందు చెడతాయి. పైన మనం వేసుకున్న అంకెలు వెడల్పైన గొయ్యికి. అదే లోతున్న ఇరుకు గొయ్యికి వాటిని వాడితే మోసపోతాం.

అర మీటరు తేడా

అడుగు కింద 3 మీటర్ల గోడ ఉండి, భద్రత 1.4 దగ్గర ఆగిన గొయ్యినే తీసుకుందాం. నీళ్లన్నీ ఒకచోటికి చేరతాయని ఒక మూల గోడ పక్కనే అర మీటరు లోతు గుంట తీసి, అందులో పంపు పెట్టారు. చూడటానికి చిన్న గుంట. ఇప్పుడా చోట ఇసుక మందం 3 నుంచి 2.5 మీటర్లకు తగ్గింది. నీటి తేడా 5 నుంచి 5.5 మీటర్లకు పెరిగింది. రెండూ ఒకే వైపు లాగాయి. గొయ్యి అడుగంతా ఆ మట్టానికి దిగినట్టు లెక్కిస్తే భద్రత 1.4 నుంచి 1.1కి జారుతుంది. గుంట చిన్నదే కావచ్చు, కానీ దాని చుట్టుపక్కల నుంచి నీరు అక్కడికే చేరుతుంది కాబట్టి ఆ మూలకు ఈ అంకెను తేలిగ్గా తీసుకోకూడదు. పంపు గుంటను గోడకు దూరంగా, మధ్యలో, జల్లెడ గొట్టమూ కంకరా వేసి కట్టుకోవాలని చెప్పేది ఇందుకే.

ఇక నది పెరిగి బయటి నీళ్లు నేల మట్టానికి వచ్చాయనుకుందాం. తేడా 5 నుంచి 6 మీటర్లు అవుతుంది. లోపల ఎవరూ ఏమీ తవ్వకపోయినా భద్రత 1.4 నుంచి 1.2కి పడిపోతుంది. వేసవిలో తవ్వి నిలబడిన గొయ్యి వానల్లో పొంగడంలో వింత ఏమీ లేదు.

ముందు కనబడే గుర్తులు

ఊట కొద్దిగా పెరిగితే భయపడనక్కర్లేదు. వచ్చే నీరు తేటగా ఉన్నంతవరకు ఇసుక తన చోటే ఉంది. పంపు వదిలే నీళ్లలో సన్న ఇసుక కనిపిస్తే, బకెట్‌లో పట్టి కాసేపు ఉంచితే అడుగున ఇసుక పేరుకుంటే, నేల లోపల నుంచి మట్టి పోతోందని అర్థం. గోడ పక్కన ఇసుక బుడిపెలు లేవడం, ఇనుప కడ్డీ గుచ్చితే బరువు వేయకుండానే దిగిపోవడం, తీసిన మట్టి లెక్క గొయ్యి పరిమాణం కన్నా ఎక్కువ రావడం తర్వాతి గుర్తులు. గోడ వెనక నేల మీద గోడకు సమాంతరంగా బీట కనిపిస్తే వ్యవధి చాలా తక్కువ ఉన్నట్టు.

అన్నిటికన్నా నిక్కమైనది ఒక సన్న గొట్టం. కొసన జల్లెడ ఉన్న గొట్టాన్ని గొయ్యి లోపల గోడ పక్కన, గోడ పాదం మట్టం దాకా దించి పెట్టాలి. అందులో నీళ్లు గొయ్యి అడుగు కన్నా ఎంత ఎత్తున నిలబడితే, పాదం దగ్గర మిగిలిన తేడా అంత. గొట్టం అడుగు కిందికి 4 మీటర్లు దిగి ఉండి, లోపల నీళ్లు అడుగు పైన 2.2 మీటర్లు నిలిస్తే గ్రేడియంట్ 0.55. నీళ్లు 3 మీటర్లకు పెరిగితే 0.75. టేపు ఒక్కటి చాలు, సంక్లిష్టమైన లెక్క అక్కర్లేదు.

అడుగు పొంగడం మొదలైతే చేయాల్సిన మొదటి పని మనుషుల్ని పైకి పంపి పంపులు ఆపడం, గొయ్యిలోకి నీళ్లు వదలడం. తవ్వకం ఆలస్యమవుతుందని చాలామంది దీనికి ఒప్పుకోరు. కానీ లోపలి మట్టం ప్రతి మీటరు పెరిగేకొద్దీ తేడా ఒక మీటరు తగ్గుతుంది, రేణువులు మళ్లీ ఒకదానిమీద ఒకటి ఆనతాయి. బుగ్గ చిన్నదై ఒకచోటే ఉంటే దాని మీద ముందు ముతక ఇసుక, ఆపైన కంకర పొరలుగా వేయవచ్చు. ఆ పొరలు నీటిని పోనిస్తాయి, రేణువుల్ని పోనివ్వవు, పైగా వాటి బరువు తోడవుతుంది. అదే బుగ్గ మీద బంకమన్నో సిమెంటు బస్తాలో కుక్కి మూస్తే నీటి ఒత్తిడి పక్కకు తిరిగి ఇంకోచోట పొంగుతుంది. వరదల్లో కరకట్ట అవతల నేల నుంచి బుగ్గ లేస్తే దాన్ని మూయకుండా చుట్టూ ఇసుక బస్తాలతో కట్ట కట్టి, లోపల నీటి మట్టం పెరగనివ్వడంలో ఉన్నదీ ఈ సూత్రమే.

ముందే చేసుకోవాల్సింది

పని మొదలుకాకముందైతే దారులు మూడు. ఒకటి గోడను లోతుగా దించడం. కింద ఎక్కడైనా నీరు పోనివ్వని బంక పొర ఉండి, గోడ పాదం అందులో దిగితే ఇసుకలోంచి వచ్చే ఊట దాదాపు ఆగిపోతుంది. అప్పుడు ఆ బంక పొర కింద ఒత్తిడి ఉందా అన్నది చూసుకోవాలి.

రెండోది నీటిని గొయ్యి లోపల కాకుండా బయట తోడడం. గొయ్యి చుట్టూ వెల్‌పాయింట్లనే సన్న గొట్టాలు వరసగా దించి, వాటన్నిటినీ ఒక వాక్యూమ్ పంపుకు కలుపుతారు. బయటి నీటి మట్టమే గొయ్యి అడుగు కన్నా కిందికి పోతే తేడా ఉండదు, పైకి వచ్చే ప్రవాహమూ ఉండదు. నీరు కిందికీ బయటికీ కదులుతుంది కాబట్టి అడుగు ఇంకా గట్టిపడుతుంది. పీల్చే పంపు ఒక వరసతో ఐదారు మీటర్లకు మించి దించలేదు. అంతకన్నా లోతైతే మెట్లుగా రెండు వరసలు వేయాలి, లేదా సబ్‌మెర్సిబుల్ పంపులున్న లోతు బోర్లు వేయాలి. ఇక్కడ కరెంటు పోవడం పెద్ద ప్రమాదం. పంపులు ఆగితే బయటి మట్టం పెరిగి, గోడను ఆ తేడాకు లెక్క వేయకపోతే, అడుగు పొంగుతుంది. అందుకే జనరేటరు సైటులో ఉంటే చాలదు, తనంతట తాను అందుకోవాలి. చుట్టుపక్కల నీటి మట్టం తగ్గితే పాత భవనాల కింద మెత్తటి మన్ను కుంగవచ్చు. ఊరి నడుమ ఈ పద్ధతికి అదొక హద్దు.

మూడోది అసలు తోడకపోవడం. నీళ్లు నిండుగా ఉండగానే కింది ఇసుక తీసి, నీళ్ల కిందే ట్రెమీ గొట్టంతో కాంక్రీటు దిమ్మ వేసి, అది గట్టిపడ్డాక నీళ్లు తోడతారు. ఆ దిమ్మ బరువు మీదే ఆధారపడితే, మన గొయ్యిలోని 5 మీటర్ల తేడాకు దాదాపు 3.6 మీటర్ల మందం కావాలి. అందుకే కింద పైల్స్‌కు కట్టి పట్టి ఉంచి మందం తగ్గిస్తారు.

లెక్కకు చిక్కనివి

మనం వేసిన లెక్కంతా ఇసుక ఒకే తీరున ఉంటేనే చెల్లుతుంది. డెల్టా నేల అలా ఉండదు. ఇసుక మధ్యలో ఒక జానెడు ఒండ్రు పొర ఉంటే నీటి తేడా ఎక్కువ భాగం ఆ పొరలోనే ఖర్చవుతుంది. పైనున్న ఇసుకలో గ్రేడియంట్ తక్కువగా, అడుగు గట్టిగానే కనిపిస్తుంది. ఆ పలుచటి పొరను కింది నుంచి నెట్టే ఒత్తిడి పైబరువును మించిన క్షణాన మొత్తం ఒక్కసారిగా లేస్తుంది, ముందస్తు బుడిపెలు కూడా కనిపించకపోవచ్చు. షీట్ పైల్స్ దిగ్గొట్టేటప్పుడు రెంటి మధ్య లంకె ఊడితే పాదం ఎంత లోతున ఉన్నా నీటికి దగ్గరి దారి దొరుకుతుంది. నేల పరీక్ష కోసం వేసి, పూడ్చకుండా వదిలేసిన బోరు రంధ్రం కూడా అలాంటి దారే. ఇలాంటి చోట్ల సగటు గ్రేడియంట్ ఏమీ చెప్పదు, గొట్టంలో కనిపించే నీటి ఎత్తే చెబుతుంది.

కాబట్టి నేల బోర్లు గొయ్యి అడుగు దగ్గర ఆగిపోకుండా గోడ పాదం కిందికి కూడా కొన్ని మీటర్లు పోవాలి, సన్న పొరలను వదలకుండా నమోదు చేయాలి. ఇక తవ్వకం డ్రాయింగ్ మీద రెండు మట్టాలు స్పష్టంగా రాసి ఉండాలి. బయట నీళ్లు ఏ మట్టానికి మించకూడదు, లోపల ఏ మట్టం కన్నా కిందికి తవ్వకూడదు. పంపు గుంట కూడా రెండోదాంట్లోకే వస్తుంది. వాటి పక్కన మూడో అంకె ఒకటి: గొట్టంలో నీళ్లు ఎంత ఎత్తుకు చేరితే గొయ్యిని నీళ్లతో నింపాలి. మన 4 మీటర్ల గోడకు ఒకటిన్నర భద్రత దాటకూడదనుకుంటే ఆ అంకె అడుగు పైన 2.6 మీటర్లు. అది రాసి ఉంటే, రాత్రి షిఫ్టులో ఉన్న సూపర్‌వైజరు ఎవరినీ అడగకుండానే పంపు ఆపగలడు.